“కనిపిస్తోందా?” అని అడగకండి

నా బీరువాలో ఒక పాత లెక్కల నోటుపుస్తకం ఉంది. నాలుగో తరగతి పాపది. అందులో ఒక పేజీలో పది తీసివేతలున్నాయి. ఏడింటి మీద నా ఎర్ర పెన్ను ఇంటూ గుర్తులు. బోర్డు మీద నేనిచ్చిన మొదటి లెక్క 407లోంచి 138 తీసేయమని. రావలసింది 269, పాప వేసింది 263. తప్పే కదా అని ఇంటూ కొట్టేశాను. రెండు నెలల తర్వాత ఒకరోజు తీరిగ్గా కూర్చుని ఆ పేజీ మళ్లీ చూశాను. పాప ఎక్కించుకున్న లెక్క 407 కాదు, 401. నాలుగు వందల ఒకటిలోంచి 138 పోతే 263. పక్క స్థానం నుంచి అప్పు తీసుకోవడం, సున్నాను దాటి వందల దగ్గరికి వెళ్లడం, అన్నీ సరిగ్గా చేసింది. సుద్దముక్కతో నేను రాసిన ఏడు ఆమెకు ఒకటిలా కనిపించింది. మిగతా ఆరు లెక్కల్లోనూ అదే కథ. ఒకచోట ఎనిమిది మూడైంది, ఒకచోట ఆరు సున్నా అయింది. తాను చూసిన లెక్కను ఆ పాప ఎక్కడా తప్పు చేయలేదు.

ఆ పాప ఐదో తరగతి పూర్తిచేసి పక్క ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్లే ముందు, అక్కడి ఆరో తరగతి క్లాస్ టీచర్‌కు నేనొక కాగితం రాసిచ్చాను. బడి మారే ప్రతి పిల్లతోనూ టీసీ వెళ్తుంది, మార్కుల రికార్డు వెళ్తుంది. ఈ పాపతో సదరం సర్టిఫికెట్ కూడా వెళ్తుంది. ఈ మూడింటినీ ముందేసుకుని ఎంతసేపు చదివినా, మొదటిరోజు ఈ పిల్లను ఏ బెంచీలో కూర్చోబెట్టాలో కొత్త టీచర్‌కు తెలియదు. నాకు తెలియడానికి దాదాపు ఒక ఏడాది పట్టింది. ఆ ఏడాది ఆమెకు మళ్లీ పోకూడదని రాసిన కాగితం అది. ఒక పేజీకి మించకుండా రాశాను, ఎందుకంటే హైస్కూల్లో పీరియడుకొక టీచర్ వస్తారు, వాళ్లందరూ చదవాలి. పాప పేరు ఇక్కడ రాయడం లేదు.

సర్టిఫికెట్లో ఉన్నది రెండు అంకెలు: 6/60, 40 శాతం. మొదటిదాని అర్థం, మామూలు చూపున్నవాళ్లు 60 మీటర్ల దూరం నుంచి గుర్తుపట్టే అక్షరాన్ని ఈ పాప 6 మీటర్ల దగ్గరికి వస్తేగాని గుర్తుపట్టలేదని. అదీ అద్దాలు పెట్టుకున్నాక, రెండు కళ్లలో మెరుగైన కంటితో. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం చూపు 6/18 కంటే తగ్గి, 3/60 వరకు ఉన్నవాళ్లది అల్పదృష్టి. ఆసుపత్రుల్లో లో విజన్ అంటారు. గుడ్డితనం కాదు, మామూలు చూపూ కాదు. ఈ మధ్యలో ఉండటమే పిల్లలకు పెద్ద చిక్కు. కింద పడ్డ రబ్బరు ముక్కను తడబడకుండా తీసుకుంటుంది, బోర్డు మీది వాక్యం చదవలేదు. రెండూ చూసిన పెద్దవాళ్లు “కావాలని చేస్తోంది” అంటారు. మొదటి నెలల్లో స్టాఫ్‌రూంలో నేనూ ఆ మాట అన్నాను.

పాపకు ఉన్నది ఆల్బినిజం. పుట్టుకతోనే ఒంట్లో మెలనిన్ అనే రంగుపదార్థం సరిగ్గా తయారుకాదు. జుట్టు తెల్లగా, లేత పసుపుగా ఉంటుంది. చర్మం ఎండకు త్వరగా కందిపోతుంది. ఊళ్లో చాలామంది దీన్ని బొల్లి అనుకుంటారు. బొల్లి వేరు, అది ఉన్న రంగు మచ్చలు మచ్చలుగా పోవడం. రెండూ అంటుకునేవి కావు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు దాగి ఉన్నప్పుడు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఇది రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఒకే కుటుంబంలో ఇచ్చిపుచ్చుకుంటే ఇద్దరిలోనూ అదే జన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. ఈ పాప తల్లిదండ్రులది మేనరికమే.

రంగు లోపం ఒంటికే కాదు, కంటికీ ఉంటుంది. నల్లగుడ్డు చుట్టూ ఉండే రంగు వలయం మామూలుగా వెలుతురును ఆపి, మధ్య రంధ్రంలోంచే లోపలికి పంపుతుంది. ఈ పిల్లల్లో ఆ వలయమే పల్చగా ఉండి వెలుతురును వడపోయలేదు. అందుకే ఎండలోకి వస్తే కళ్లు చికిలిస్తారు. కంటి వెనక తెరలో సన్నని వివరాలు చూడటానికి ఫోవియా అనే చిన్న గుంట ఉంటుంది, వీళ్లలో అది పూర్తిగా ఏర్పడదు. “అద్దాలు పెట్టుకుందిగా, ఇంకా కనిపించకపోవడమేంటి?” అని అందరూ అడిగే ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. అద్దాలు బొమ్మను తెర మీద సరిగ్గా పడేలా చేస్తాయి. తెరలోనే సన్నని నేత లేనప్పుడు అద్దాలు అంతకు మించి చేయలేవు. మంచి సంగతేమిటంటే ఈ చూపు సాధారణంగా ఏటేటా తగ్గిపోయేది కాదు. కాబట్టి ఈ ఏడాది కొలిచి రాసిన కొలతలు వచ్చే ఏడాదికీ చాలావరకు పనికొస్తాయి.

కాగితంలో ఈ వైద్యమంతా రెండే వాక్యాల్లో రాశాను. టీచర్‌కు కావలసింది జబ్బు పేరు కాదు. ఎంత దూరం, ఎంత అక్షరం, ఎలాంటి వెలుతురు అనే మూడు సంగతులు. అవి సర్టిఫికెట్లో దొరకవు, తరగతి గదిలో కొలిచి తెలుసుకోవాలి.

కొలవడానికి టేపు, సుద్దముక్క, ఒక మధ్యాహ్నం సరిపోయాయి. బోర్డు మీద మూడు సెంటీమీటర్ల ఎత్తున విడి అక్షరాలు రాశాను. పాపను గది చివర నిలబెట్టి, చదవగలిగేదాకా ఒక్కో అడుగు ముందుకు రమ్మన్నాను. ఒక జాగ్రత్త ముందే తీసుకున్నాను. గోడ మీది చార్టుగాని, పుస్తకంలోని పాఠంగాని వాడలేదు. ఈ పిల్లలు చెవితో విన్నదాన్ని ఎంత బాగా గుర్తుపెట్టుకుంటారంటే, కనపడకపోయినా గడగడా చదివేస్తారు. నాలుగు మీటర్ల దగ్గర “ఏదో ఉంది టీచర్” అంది. మూడు మీటర్ల దగ్గర మొదటి అక్షరం ‘వ’ అంది. నేను రాసింది ‘మ’. రెండు మీటర్లకు వచ్చాక నాలుగు అక్షరాలూ తప్పు లేకుండా చదివింది. ఆమె కాలివేళ్ల దగ్గర నేల మీద గీత గీశాను.

ఆ గీత సర్టిఫికెట్‌తో సరిపోయింది. 6/60 చూపుకు ఆరు మీటర్ల దూరంలో దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల అక్షరం కావాలి. అంటే ప్రతి మీటరు దూరానికీ ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తు. రెండు మీటర్లకు మూడు సెంటీమీటర్లు. అయితే ఇది కష్టపడి గుర్తుపట్టే హద్దు మాత్రమే. ఆ హద్దు మీద ఎవరూ పాఠం చదవలేరు. తొట్రుపడకుండా చదవాలంటే కనీసం దానికి రెట్టింపు ఉండాలి. కాగితంలో ఇలా రాశాను: “మీటరు దూరానికి మూడు సెంటీమీటర్ల అక్షరం. మొదటి బెంచీ మీ బోర్డుకు రెండు మీటర్ల దూరంలో ఉంటే, ఆరు సెంటీమీటర్లు.”

ఇది రాస్తున్నప్పుడే నాకు తెలుసు, రోజంతా ఆరు సెంటీమీటర్ల అక్షరాలతో ఎవరూ పాఠం చెప్పలేరు. నాలుగడుగుల బోర్డు మీద ఒత్తులకూ గుడులకూ చోటు వదిలితే పది పన్నెండు వరుసలకు మించవు. కాబట్టి పెద్దగా రాయవలసింది పాఠం పేరు, ముఖ్యమైన మాటలు, లెక్కలోని అంకెలు. మిగతాది రాస్తూ రాస్తూ పైకి చదవాలి. “దీన్ని ఇక్కడికి తీసుకొస్తే ఇది వస్తుంది” అంటే బోర్డు కనిపించేవాళ్లకు మాత్రమే అర్థమవుతుంది. “మూడును కుడివైపుకు తీసుకొస్తే మైనస్ మూడు అవుతుంది” అంటే గదిలో అందరికీ అర్థమవుతుంది. బోర్డు మీదిది మొత్తం ఎక్కించుకోవలసి వస్తే, పక్కన కూర్చున్న అమ్మాయి నోటుపుస్తకం తన దగ్గరికి జరుపుకుని చూసి రాసుకుంటుంది. అది కాపీ కొట్టడం కాదని ఆ కాగితంలో విడిగా రాయవలసి వచ్చింది.

బోర్డు గురించి ఇంకో మాట. సుద్దపొడి పేరుకున్న బోర్డు మీద తెల్ల అక్షరం పొగమంచులో ఉన్నట్టు ఉంటుంది. డస్టర్‌తో తుడిస్తే పొడి అటూ ఇటూ పాకుతుందే తప్ప పోదు. తడిగుడ్డతో తుడిచిన రోజు పాప అరమీటరు వెనక నుంచే చదివేది. తెలుపు, పసుపు సుద్దముక్కలు కనిపిస్తాయి. ఆకుపచ్చ బోర్డు మీద ఎరుపు, నీలం రాస్తే ఆమెకు అక్కడ ఏమీ లేనట్టే. ముఖ్యమైన మాట కదా అని నేను ప్రత్యేకంగా ఎర్ర సుద్దతో రాసినవన్నీ ఆమెకు అందకుండా పోయాయి. హైస్కూళ్లలో ఇప్పుడు పెద్ద టీవీ లాంటి ప్యానెళ్లు వచ్చాయి. వాటిలో నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు పెట్టుకునే వీలుంటే అలా పెట్టమని రాశాను. తెల్ల తెర వెలుగు ఆమె కళ్లను నీళ్లు కారేలా చేస్తుంది.

కూర్చునే చోటు దగ్గర నేను చేసిన పొరపాటు, మంచి మనసుతో అందరూ చేసేదే. మొదటి బెంచీలో మధ్యలో కూర్చోబెట్టాను. ఆ పాప తల కుడివైపుకు తిప్పి, కళ్లు ఎడమవైపుకు తెచ్చి, పక్కచూపుతో బోర్డు చూసేది. “తిన్నగా కూర్చో, తిన్నగా చూడు” అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. తిన్నగా కూర్చున్నప్పుడల్లా ఆమెకు ఉన్న చూపు కూడా తగ్గిపోయేదని అప్పుడు తెలియదు.

ఆల్బినిజం ఉన్న పిల్లల కనుగుడ్లు వాటంతటవే అటూ ఇటూ ఊగుతుంటాయి. డాక్టర్లు దాన్ని నిస్టాగ్మస్ అంటారు. ఎదుటివాళ్లకు ఆ ఊపు కనిపిస్తుంది గాని, ఆ పిల్లలకు లోకం ఊగుతున్నట్టు ఉండదు. చాలామందిలో కళ్లు ఏదో ఒక వైపుకు తిరిగినప్పుడు ఆ ఊపు బాగా తగ్గుతుంది. అక్షరం నిలకడగా కనిపించే కోణం అది. పిల్లలు దాన్ని తమంతట తామే కనిపెట్టుకుని, తల తిప్పి కళ్లను అక్కడికి తెచ్చుకుంటారు. మా పాపకు ఆ కోణం ఎడమవైపు ఉంది. కాబట్టి బోర్డు ఆమెకు ఎడమవైపు ఉండేలా, గదిలో కుడిపక్క బెంచీలో కూర్చోబెడితే, మెడ తిప్పకుండానే కళ్లు తమకు నచ్చిన చోటికి వెళ్తాయి. ఇది కనిపెట్టడానికి యంత్రాలేవీ అక్కర్లేదు. కష్టమైన చిన్న అక్షరాలు చదవమని ఇచ్చి, తల ఎటు తిరుగుతుందో నాలుగైదుసార్లు గమనిస్తే చాలు. బెంచీ మార్చిన వారంలో మధ్యాహ్నం మెడనొప్పి అనడం తగ్గింది.

ఆ ఊపుకు ఇంకో గుణం ఉంది. కంగారుపడితే, అలిసిపోతే, ఎవరైనా తొందరపెడితే అది పెరుగుతుంది. పెరిగినప్పుడు చూపు నిజంగానే తగ్గుతుంది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి ముందు నిలబెట్టి చదివించిన రోజు, తన దగ్గర నిన్న చదివిన పేజీనే పాప చదవలేకపోయింది. నిన్న కనిపించింది ఈరోజు కనిపించకపోవడం అబద్ధం కాదు. ఆ వాక్యాన్ని నా కాగితంలో కింద గీత గీసి రాశాను.

వెలుతురు విషయంలో ఆల్బినిజం మిగతా అల్పదృష్టికి తిరగబడి ఉంటుంది. కొందరు లో విజన్ పిల్లలకు ఎంత వెలుతురుంటే అంత మంచిది. ఈ పాపకు వెలుతురు పుస్తకం మీద కావాలి, కళ్లలో పడకూడదు. మా గదిలో తూర్పు కిటికీ పిల్లలకు ఎడమవైపు ఉంది. ఆమె కళ్లు తిరిగేదీ అటే. పొద్దున్న పదిన్నర దాకా మొదటి కిటికీ రెక్క మూసేసి, వెనక కిటికీ తెరిచి ఉంచేదాన్ని. వెలుతురు ఆమె భుజం వెనక నుంచి పుస్తకం మీద పడేది. పగలు మబ్బు పట్టిన రోజు ఆమె ఎంత హుషారుగా ఉండేదో చూస్తే, ఈ సంగతి నాకు ఏడాది ముందే తట్టి ఉండాల్సింది. ప్రార్థన వేళ నీడలో నిలబడనివ్వమనీ, టోపీ, రంగు అద్దాలు, పొడుగు చేతులు యూనిఫాంకు విరుద్ధమని తీయించవద్దనీ రాశాను. పీఈటీ సార్‌కు ఒక మాట వేరే రాశాను: ఆటలు మాన్పించవద్దు, ఎండ తగ్గాక ఆడించండి, పైనుంచి వచ్చే బంతి ఎంత దూరంలో ఉందో అంచనా కట్టడం ఆమెకు కష్టం.

ఇక పుస్తకం. పాప పుస్తకాన్ని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చదువుతుంది. వాళ్లమ్మ నాతో అన్న మొదటి మాట, “మేడం, అలా చదివితే ఉన్న చూపు కూడా పోతుందని ఇంట్లో పుస్తకం లాగేస్తున్నామండీ.” పోదు. దూరం తగ్గేకొద్దీ అక్షరం పెద్దదవుతుంది, అంతే. పాతిక సెంటీమీటర్ల దూరంలో ఉన్న పేజీని పది సెంటీమీటర్లకు తెచ్చుకుంటే అక్షరం రెండున్నర రెట్లు పెద్దగా కనిపిస్తుంది. పిల్లల కళ్లకు అంత దగ్గర చూపు నిలిపే శక్తి ఉంటుంది. ఇందాకటి లెక్కే ఇక్కడా పనికొస్తుంది. పది సెంటీమీటర్ల దూరంలో ఆమె గుర్తుపట్టగల హద్దు ఒకటిన్నర మిల్లీమీటర్లు. మా పాఠ్యపుస్తకంలో అక్షరం మూడు మిల్లీమీటర్లు ఉంది. అంటే దగ్గరగా పెట్టుకోనిస్తే మామూలు పుస్తకం ఆమెకు సరిపోతుంది. లాగేసి దూరం పెడితే అదే పుస్తకం పనికిరాకుండా పోతుంది. మ్యాపుల్లో ఊళ్ల పేర్లు మాత్రం ఆ హద్దు దగ్గరే ఉంటాయి. వాటికి ఆసుపత్రిలో ఇచ్చిన గాజు గుండు లాంటి డోమ్ మాగ్నిఫైయర్ ఉంది, కాగితం మీద పెట్టి జరుపుకుంటూ చదువుతుంది.

దెబ్బతినేది కన్ను కాదు, నడుము. బల్ల మీద పరిచిన పుస్తకం మీదికి ముప్పావుగంట వంగి కూర్చుంటే ఏ పిల్లకైనా నొప్పి వస్తుంది. పుస్తకాన్ని ఏటవాలుగా నిలబెట్టే బల్ల కావాలన్నారు ఆసుపత్రిలో. వాళ్ల తాతగారు భాగవతం చదువుకునే వ్యాసపీఠం ఇంట్లో ఉందట. తీసుకొచ్చారు. దాని కింద రెండు పాత అట్టలు పెట్టి ఎత్తు సరిచేశాం. పుస్తకం ఆమె ముఖం ముందుకు వచ్చింది, నడుము తిన్నగా నిలిచింది. హైస్కూలుకు టీసీతోపాటు ఆ వ్యాసపీఠం కూడా వెళ్లింది.

తెలుగు చదవడంలో ఉన్న కష్టం మీద నేను కాగితంలో నాలుగు వరుసలు రాశాను, తెలుగు మేడం గారి కోసం. మన లిపిలో అక్షరానికీ అక్షరానికీ తేడా చాలాచోట్ల ఒక చిన్న గీతలో ఉంటుంది. ‘డ’కు కింద చిన్న చీలిక ఉంటే ‘ఢ’. ‘ధ’ పొట్టలో చుక్క పెడితే ‘థ’. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తలమీద ఒక చిన్న మెలిక. ఒత్తులైతే అసలు అక్షరంలో సగం కూడా ఉండవు. అక్షరం మొత్తం మూడు మిల్లీమీటర్లున్నా, దాన్ని వేరు చేసే గీత అర మిల్లీమీటరే. పాప ఆ గీతను చూడదు, అర్థాన్ని బట్టి ఊహిస్తుంది. తెలిసిన కథలో ఊహ సరిపోతుంది. తెలియని పేర్లు, పద్యాల్లోని మాటలు వచ్చేసరికి తడబడుతుంది. అప్పుడు తెలుగు రాదనుకోకూడదు.

చూపు లోపమో, చదువు లోపమో తేల్చుకోవడానికి నాకు దొరికిన మంచి గుర్తు ఇది. మామూలుగా పిల్లలు చూసి రాసినప్పుడు తప్పులు తక్కువ, డిక్టేషన్లో ఎక్కువ. ఈ పాపకు అది తలకిందులు. విని రాసినప్పుడు పదింటికి తొమ్మిది సరి, బోర్డు చూసి రాసినప్పుడు పదింటికి ఐదు. ఏ తరగతిలోనైనా ఒక పిల్లలో ఇలా కనిపిస్తే, సర్టిఫికెట్ లేకపోయినా, ముందు కంటి డాక్టర్ దగ్గరికి పంపాలి. లెక్కల్లోనూ అంతే. జవాబు తప్పయితే ముందు లెక్క సరిగ్గా ఎక్కించుకుందో లేదో చూసి, ఆ తర్వాతే ఇంటూ పెట్టాలి.

పరీక్షల విషయంలో నాకు చెప్పాలని ఉన్నది రెండు సంగతులు. ప్రశ్నపత్రాన్ని ఏ4 నుంచి ఏ3కి పెద్దది చేయిస్తే అక్షరం రెట్టింపవుతుందని అందరూ అనుకుంటారు. కాగితం వైశాల్యం రెట్టింపవుతుంది, అక్షరం ఎత్తు 1.4 రెట్లే పెరుగుతుంది. పైగా అంత వెడల్పు కాగితం మీద ఆమె ముఖాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకు జరుపుకుంటూ వెళ్లాలి, వరుస తప్పిపోతుంది. వీలైతే మొదటే 18 పాయింట్ల అక్షరంతో ఏ4 మీద ప్రింటు తీయండి అని రాశాను. రెండోది సమయం. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని ఉంది. ఈ పాపకు రాసిపెట్టే మనిషి అక్కర్లేదు, తన చేత్తో తానే చక్కగా రాస్తుంది. ఆమెకు కావలసింది ఆ ఇరవై నిమిషాలే. పెద్ద అక్షరాల పుస్తకాల సంగతి మండలంలోని భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీని అడగండి, అడిగితేగాని రావు అని కూడా చేర్చాను.

రాయడం అయ్యాక కాగితాన్ని పాపకు చదివి వినిపించాను. తన గురించి రాసింది తనకు తెలియకుండా వెళ్లకూడదనిపించింది. మొదటి వరుసలో “కళ్లు సరిగా కనిపించవు” అని ఉంది. “అది కొట్టేయండి టీచర్. దగ్గర పెట్టుకుంటే కనిపిస్తాయి అని రాయండి” అంది. కొట్టేశాను. నిజానికి ఆమె వాక్యమే నా వాక్యం కంటే ఎక్కువ సమాచారం ఇస్తుంది. దూరంగా ఉన్నవి దగ్గరగా చూపే మోనాక్యులర్ గురించి నేను రాసింది కూడా దిద్దించింది. అది నాలుగు రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, దానితో ఆమె చూపు దాదాపు 6/15 అవుతుంది. కాబట్టి బోర్డు కోసం రోజూ వాడమని రాశాను. “దానితో చూసి, కింద పెట్టి, రాసి, మళ్లీ ఎత్తితే ఎక్కడిదాకా వచ్చానో దొరకదు టీచర్” అంది. గొట్టంలోంచి చూస్తే కనిపించే మేర చాలా ఇరుకు. రాసుకోవడానికి కాదు, బస్సు బోర్డు చూసుకోవడానికీ టైంటేబుల్ చదవడానికీ అని మార్చాను.

తర్వాత తానే రెండు సంగతులు చెప్పి రాయమంది. అవి నాకు రెండేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు. ఒకటి: “ప్రశ్న అడిగి ‘నువ్వు చెప్పు’ అని వేలు చూపిస్తారు. ఆ వేలు నాకా, పక్కవాళ్లకా తెలియదు. పేరు పెట్టి పిలవమనండి.” రెండోది: “దారిలో ఎదురైతే నమస్తే పెట్టలేదని కోప్పడతారు. మొహం తెలియదు కదా. మాట్లాడితే గొంతు తెలుస్తుంది.” రెండు మూడు మీటర్ల అవతల ఆమెకు మనిషి కనిపిస్తాడు, మనిషెవరో కనిపించదు. ఈ పిల్లకు పొగరు అన్న మాట మా బడిలో ఎందుకు పుట్టిందో ఆరోజు అర్థమైంది. “ఎదురైనప్పుడు దయచేసి మీరే ముందు పలకరించండి, మీరెవరో చెప్పండి” అని రాశాను.

కాగితం చివర రాసినది, అందరూ చదవకపోయినా ఇదొక్కటి చదివితే చాలనుకుని రాసినది: “పాపను ‘కనిపిస్తోందా?’ అని అడగకండి. ఎప్పుడు అడిగినా ‘ఆ, కనిపిస్తోంది టీచర్’ అనే అంటుంది. తరగతిలో అందరి ముందూ కనిపించడం లేదని చెప్పడం ఏ పిల్లకైనా కష్టం. పైగా ఆమెకు ఎప్పుడూ ఇంతే కనిపించింది, కనిపించవలసింది ఎంతో ఆమెకు తెలియదు. ‘రెండో వరుస చదివి చెప్పమ్మా’ అనండి, తెలిసిపోతుంది.”

జూన్‌లో బడి తెరిచిన మూడో రోజు ఆ హైస్కూలు నుంచి క్లాస్ టీచర్ ఫోన్ చేశారు. “మేడం, మీ కాగితం చదివాను. కుడిపక్క బెంచీ అన్నారు. మీరు బోర్డు దగ్గర నిలబడి చూస్తే కుడిపక్కా, పిల్లలు కూర్చుంటే కుడిపక్కా?” అన్నారు. అంత జాగ్రత్తగా రాశాననుకున్న కాగితంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట రెండు రకాలుగా చదువుకునేలా ఉంది. మూడు రోజులు పాప గదిలో తప్పు వైపు కూర్చుంది. “పాప బోర్డు వైపు తిరిగి కూర్చున్నప్పుడు, అన్నం తినే చేతివైపు” అని ఫోన్లోనే దిద్దించాను. ఆవిడ ఆ కాగితాన్ని జిరాక్స్ తీయించి, హాజరు పట్టీ మొదటి పేజీకి అంటించారట. ఏ టీచర్ వచ్చినా పేర్లు పిలిచే ముందు అది కంటపడుతుంది.

కాగితం అడుగున కొన్ని వరుసలు ఖాళీగా వదిలాను, కొత్త బడిలో తెలుసుకున్నవి రాయడానికి. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆవిడ దాని ఫోటో పంపారు. నీలం సిరాతో మూడు వరుసలు చేరాయి. జూలైలో మళ్లీ కొలిస్తే మూడు సెంటీమీటర్ల అక్షరం రెండు మీటర్ల దగ్గరే చదివిందని ఒకటి. చివరి పీరియడులో బాగా అలిసిపోతోంది కాబట్టి చదివే పని ఉన్న లెక్కల పీరియడు పొద్దుటికి మార్పించామని ఒకటి. మూడోది సైన్స్ సార్ చేతిరాత: “థర్మామీటరు గీతలు కనిపించలేదు. నా ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి ఇచ్చాను. 37 డిగ్రీలు అని తానే చదివింది.”